మడి నిండా పాచి, అయినా పైరు పసుపే: నీలి ఆకుపచ్చ నాచుపై ఒక కేస్ స్టడీ

ఇది వరుసగా రెండు పంటల కాలంలో నేను చూసిన కేసు. రైతు ఎవరో, ఊరు ఏదో తెలియకుండా వివరాలు తీసేశాను. ఇందులో నా తప్పు కూడా ఒకటి ఉంది. అది జరగకపోతే నేను మైక్రోస్కోపు దాకా వెళ్లేవాడినే కాదు.

నేపథ్యం

నల్లరేగడి నేల, పీహెచ్ 7.4, భాస్వరం తక్కువ. నీటికి కొరత లేదు. రైతు వరికి ఎకరానికి 40 కిలోల నత్రజని వాడతాడు. యూరియాగా లెక్కేస్తే 87 కిలోలు. దాన్ని మూడు సమానమైన దఫాలుగా, అంటే దఫాకు 29 కిలోలు వేస్తాడు: నాట్లకు, పిలకల దశలో, అంకురం వేసే దశలో.

గాలిలోని నత్రజనిని పట్టుకునే నీలి ఆకుపచ్చ నాచును ఎరువుగా వాడొచ్చని ఆయన శిక్షణలో విన్నాడు. హెక్టారుకు 20 నుంచి 30 కిలోల నత్రజని అందిస్తుందని, ఎకరానికి 4 కిలోల ఎండు పొరలు చల్లితే చాలని అక్కడ చెప్పారు. ఈ అంకెలు తప్పేమీ కావు, పుస్తకాల్లోనూ ఇవే ఉంటాయి. ఎకరానికి 10 కిలోల నత్రజని కలిసొస్తుందని లెక్కేసుకుని ఆయన రెండో దఫా యూరియాలో 22 కిలోలు కోసేశాడు. పిలకల దశకు మిగిలింది 7 కిలోలే.

నాచును ఆయనే పెంచుకున్నాడు. రెండు మీటర్ల పొడవు, మీటరు వెడల్పున గుంట తీసి ప్లాస్టిక్ షీటు పరిచాడు. పది కిలోల మట్టి, 200 గ్రాముల సూపర్ ఫాస్ఫేట్ వేసి నీళ్లు పెట్టాడు. మట్టి అడుగుకు దిగాక స్టార్టర్ కల్చర్ చల్లాడు. రెండు వారాల్లో దట్టమైన పొర కట్టింది. నీళ్లు ఇంకిపోయాక అది పెచ్చులుగా లేచింది. దాన్ని ఎండబెట్టి సంచిలో దాచుకున్నాడు. నాట్లు వేసిన ఎనిమిదో రోజున మడిలో చల్లాడు.

వచ్చిన సమస్య

ముప్పై ఐదో రోజున నన్ను పిలిచాడు. గట్టు మీద నిలబడి చూస్తే నీటి మీద చాప పరిచినట్టు పచ్చటి పాచి. పైరు మాత్రం కింది ఆకుల నుంచి పసుపు పడుతోంది. ఆకు రంగుల చార్టు పెట్టి చూస్తే 3 కంటే లేతగా ఉంది, అంటే పైరుకు నత్రజని చాలడం లేదు.

"పాచి ఇంత పట్టింది కదా సార్, మరి పైరుకు ఏమైంది?" అని అడిగాడు. మంచి ప్రశ్న. అప్పుడు నేను చెప్పిన జవాబే బాగోలేదు.

నాచు పట్టుకున్న నత్రజని వెంటనే పైరుకు అందదు. నాచు చచ్చి కుళ్లాకే అందులో ఎక్కువ భాగం అమ్మోనియంగా మారి వేళ్లకు చేరుతుంది. అది కూడా మొత్తం ఒకే పంటకు దక్కదు. నాకు తెలిసిన ఈ సంగతిని పట్టుకుని, "పది రోజులు ఆగండి, పొర చస్తే అందుతుంది" అని చెప్పి వచ్చేశాను. చెప్పిన విషయం నిజమే కానీ, నీటి మీద ఉన్నది ఏ పాచో చూడకుండా చెప్పాను. అరచేతిలోకి తీసుకుని నలిపి కూడా చూడలేదు.

ముందు ఏం చేశాం, ఎందుకు కుదరలేదు

వారం గడిచేసరికి పసుపు ఇంకా పెరిగింది. రైతు పెంచిన కల్చరే బలహీనంగా ఉండి ఉంటుందని అనుకున్నాను. నలభై రెండో రోజున వేరే చోట తయారైన ప్యాకెట్లు తెచ్చి మళ్లీ 4 కిలోలు చల్లించాను. మూడు రోజుల తర్వాత వెళ్తే చల్లినది ఎక్కడా కనిపించలేదు. గాజు గ్లాసులో మడి నీళ్లు ముంచి వెలుతురుకు పెట్టి చూస్తే ఆవగింజ కన్నా చిన్న గవ్వల్లాంటి ప్రాణులు గిరగిరా ఈదుతున్నాయి. అవి ఆస్ట్రకాడ్లు. నాచు పోగులంటే వాటికి ఎంతో ఇష్టం. కొత్తగా పడ్డ మెత్తటి పోగులను పెరగకముందే మేసేస్తాయి. వాటి ముందు రెండో దఫా కల్చర్ పోయడమంటే మేత వేయడమే.

ఆ రోజు నీళ్లు, పాచి సీసాలో పట్టుకొచ్చి మైక్రోస్కోపు కింద పెట్టాను. ముప్పై ఐదో రోజునే ఆ పని చేసి ఉండాల్సింది.

స్లైడు మీద కనిపించింది

పాచిని వేళ్ల మధ్య రుద్దితే పట్టు దారంలా జారింది. 100 రెట్లు పెంచి చూస్తే పొడవాటి గొట్టాల్లాంటి కణాలు, ఒక్కో కణంలో ఆకుపచ్చ రిబ్బను స్ప్రింగులా చుట్టుకుని ఉంది. అది స్పైరోగైరా. అది మామూలు ఆకుపచ్చ శైవలం. కేంద్రకం, హరితరేణువు ఉన్న నిజకేంద్రక జీవి. గాలిలోని నత్రజనిని పట్టుకోవడం దానికి చేతకాదు. చాపలో నూటికి తొంభై వంతులు అదే ఉంది.

మిగిలిన కొంచెంలో అనబీనా పోగులు దొరికాయి. మేం నీలి ఆకుపచ్చ నాచు అంటున్నది ఇలాంటివాటినే, శాస్త్రంలో సయనోబాక్టీరియా అంటారు. వాటి తేడా ఇక్కడ బాగా తెలుస్తుంది. కణంలో కేంద్రకం ఉండదు, హరితరేణువూ ఉండదు. కణమంతా పరుచుకున్న థైలకాయిడ్ పొరల మీద పత్రహరితంతో పాటు ఫైకోసయనిన్ అనే నీలి రంగు కూడా ఉంటుంది. అందుకే ఆ పోగులు గడ్డి పచ్చగా కాకుండా నెమలి మెడ ఛాయలో కనిపిస్తాయి. పోగు చూడటానికి పూసల దండలా ఉంటుంది, చుట్టూ పలచని జిగురు.

నేను వెతుకుతున్నది ఆ దండలో వేరే రకం పూసను. పది నుంచి ఇరవై కణాలకు ఒకటి చొప్పున కొంచెం పెద్దగా, వెలిసిపోయినట్టు లేత పసుపుగా, మందపాటి గోడతో ఒక కణం ఉండాలి. పక్క కణాలను తాకే రెండు కొసల్లోనూ గాజు బొత్తాం లాంటి మెరుపు చుక్క ఉండాలి. అదే హెటిరోసిస్ట్. గాలిలోని నత్రజనిని పట్టుకునే పని, అంటే నత్రజని స్థాపన, జరిగేది అక్కడే. మూడు వందల కణాలు లెక్కపెడితే నాకు కనిపించింది ఒక్కటి.

అంటే మడిలో ఉన్న కొద్దిపాటి సరైన నాచు కూడా ఆ పని చేయడం లేదు.

హెటిరోసిస్ట్ ఎందుకు కట్టలేదు

ఈ కేసు అర్థం కావాలంటే ఆ కణం ఎందుకు పుడుతుందో తెలియాలి. నత్రజనిని అమ్మోనియాగా మార్చే నైట్రోజినేజ్ ఎంజైము ఆక్సిజన్ తగిలితే చెడిపోతుంది, బాగుపడదు. మరోవైపు సయనోబాక్టీరియా కిరణజన్య సంయోగక్రియ చేస్తూ పగలంతా తనే ఆక్సిజన్ వదులుతుంది. ఒకే వంటింట్లో పొయ్యి, పెట్రోలు డబ్బా పక్కపక్కనే పెట్టుకున్నట్టు. అనబీనా, నాస్టాక్, ఆలోసైరా లాంటివి ఈ చిక్కును గదులు విడదీసి తప్పించుకుంటాయి. కొన్ని కణాలు తమ గోడ చుట్టూ గ్లైకోలిపిడ్, పాలిసాకరైడ్ పొరలు కట్టుకుని బయటి ఆక్సిజన్ లోపలికి రాకుండా చేస్తాయి. ఆక్సిజన్ పుట్టించే ఫోటోసిస్టమ్ 2 పనిని ఆపేస్తాయి. నీలి రంగును చాలావరకు కరిగించుకుంటాయి, ఆ వెలిసిన ఛాయ అందుకే. ఎలాగో లోపలికి చొరబడ్డ ఆక్సిజన్‌ను శ్వాసక్రియతో ఖర్చు చేసేస్తాయి.

ఇంత చేశాక ఆ కణం ఇక కార్బన్ డయాక్సైడ్‌ను చక్కెరగా మార్చలేదు, విభజన చెందలేదు, మళ్లీ మామూలు కణంగా మారలేదు. పక్క కణాలు కొసలోని సన్నటి దారిగుండా చక్కెర పంపి దాన్ని పోషిస్తాయి. బదులుగా అది గ్లుటమిన్ అనే అమైనో ఆమ్లం రూపంలో నత్రజని పంపుతుంది. ఒక్క నత్రజని అణువును విడగొట్టడానికే కణానికి శక్తినిచ్చే ఏటీపీ అణువులు 16 ఖర్చవుతాయి. ఇంత ఖరీదైన ఏర్పాటును పోగు ఊరికే పెట్టుకోదు. చుట్టూ నీటిలో అమ్మోనియం, నైట్రేట్ దొరుకుతున్నంతకాలం హెటిరోసిస్ట్ కట్టదు. అవి అయిపోతే ఒక్క రోజులోనే కడుతుంది.

నీటిలో నత్రజని ఉందేమోనని చూడాలనిపించింది. చేపల తొట్లకు వాడే అమ్మోనియా టెస్ట్ కిట్‌తో పరీక్షిస్తే రంగు ముదురు పచ్చకు తిరిగింది. రైతును అడిగాను. కాసేపు నేల చూపులు చూసి, "పసుపు చూసి ఓపిక పట్టలేకపోయాను సార్, ప్యాకెట్లు చల్లిన రోజే పది కిలోల యూరియా కూడా వేశాను" అన్నాడు. ఆయన మీద కోపం రాలేదు. ఆగమని చెప్పింది నేనే, ఆగితే పంట పోయేలా ఉంది.

అయితే ఆ పది కిలోలు మూడు రోజుల కిందటివి. మొదటి నుంచీ నాచు ఎందుకు నిలదొక్కుకోలేదో అవి చెప్పవు. దానికోసం ఇంకో రెండు విషయాలు తవ్వి తీయాల్సి వచ్చింది.

మొదటిది నాట్ల నాటి యూరియా. 29 కిలోలనూ నాట్లయ్యాక నిలిచిన నీటి మీద చల్లాడు. నీటిలో నత్రజని పుష్కలంగా ఉంటే నీలి ఆకుపచ్చ నాచుకు ఉన్న ఒకే ఒక్క ఆధిక్యం పోతుంది. ఎరువు తిని వేగంగా పెరిగే ఆకుపచ్చ శైవలాలు ముందుకొస్తాయి. ఎనిమిదో రోజున ఆయన నాచు చల్లేసరికే స్పైరోగైరా నీటిని ఆక్రమించడం మొదలుపెట్టి ఉండాలి. తర్వాత నీటిలో నత్రజని తగ్గినా ఆ చాప కింద వెలుతురు లేదు.

ఆ చాప ఇంకో నష్టం కూడా చేసింది. మధ్యాహ్నం రెండు గంటలకు మడి నీటి పీహెచ్ చూస్తే 9 దాటింది. పొద్దున ఏడు గంటలకు అదే నీరు 7.6 ఉంది. దట్టమైన పాచి పగలు నీటిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చేస్తుంది కాబట్టి పీహెచ్ అలా ఎగబాకుతుంది. ఆ పీహెచ్‌లో అమ్మోనియంలో చాలా వంతు అమ్మోనియా వాయువుగా మారి ఎగిరిపోతుంది. అంటే మేం ఎరువు అనుకుని మురిసిన పాచి, వేసిన యూరియాను కూడా గాలికి పంపేస్తోంది.

రెండోది ఆయన గుంట. "గుంటలో ఇంకేమైనా వేశారా?" అని మాటల్లో అడిగితే, "తొందరగా పెరుగుతుందని గుప్పెడు యూరియా వేశాను" అన్నాడు. పొర నిజంగానే తొందరగా పెరిగింది. కానీ యూరియా ఉన్న గుంటలో నత్రజని పట్టే నాచుకు ప్రత్యేకంగా దక్కేదేమీ లేదు. సంచిలోని ఎండు పెచ్చులను తడిపి స్లైడు వేస్తే అందులోనూ ఆకుపచ్చ శైవలాలే ఎక్కువ ఉన్నాయి.

ఆ పంటకు నాచు మీద ఆశ వదిలేశాం. కోసేసిన యూరియాలో మిగిలిన 12 కిలోలు వెంటనే వేయించాను. నీళ్లు తీసేసి, బురద మీద చల్లి, మర్నాడు నీళ్లు పెట్టించాను. పైరు తేరుకుంది. పిలకలు మాత్రం తగ్గాయి, ఆ నష్టం ఇక పూడదు.

తొట్ల పరీక్ష

అంతా విప్పి చెప్పినా రైతుకు ఒక అనుమానం మిగిలింది. గుప్పెడు యూరియాకే ఇంత తేడా వస్తుందా అని. కళ్లారా చూపించడమే నయమనిపించింది. స్పైరోగైరా లేని అనబీనా పోగులను ఏరి రెండు తొట్లలో వేశాం. రెండింట్లోనూ ఒకే మట్టి, ఒకే నీరు, ఒకేలా చిటికెడు సూపర్ ఫాస్ఫేట్. ఒకదానిలో మాత్రం చిటికెడు యూరియా కలిపాం. నాలుగో రోజున రెండూ పచ్చగానే ఉన్నాయి. నిజానికి యూరియా వేసిందే ఇంకాస్త పచ్చగా ఉంది.

మైక్రోస్కోపులో ఆయన్నే లెక్కపెట్టమన్నాను. యూరియా లేని తొట్టిలో దాదాపు పద్నాలుగు కణాలకొక హెటిరోసిస్ట్. యూరియా తొట్టిలో మూడు పోగులు చివరిదాకా చూసి, "ఒక్కటీ లేదు సార్" అన్నాడు. పచ్చదనం చూసి నాచు పని చేస్తోందని చెప్పలేమని నేను ఆయనకు చెప్పాల్సిన పని లేకపోయింది.

రెండో పంటలో మార్చినవి

ఈసారి కల్చర్ పెంచేటప్పుడు ఆయన మడి మట్టినే గుంటలో వేశాం. ఆ నేలకు, ఆ నీటికి అలవాటుపడిన నాచు అయితే తట్టుకుంటుందని ఆలోచన. సూపర్ ఫాస్ఫేట్ మాత్రమే వేశాం, నత్రజని ఏమీ వేయలేదు. ఎండబెట్టేముందు స్లైడు వేసి హెటిరోసిస్ట్‌లు ఉన్నాయని చూసుకున్నాకే నీళ్లు ఇంకనిచ్చాం. ఎండితే చస్తుందేమోనన్న భయం అక్కర్లేదు. అనబీనా, నాస్టాక్ లాంటివి ఎండకు తట్టుకునే మందపాటి విశ్రాంతి కణాలు కట్టుకుంటాయి. వాటిని అకైనీట్లు అంటారు.

మొదటి దఫా యూరియాను నీటి మీద కాకుండా చివరి దమ్ములో బురదలో కలిపించాను. ముఖ్యమైన మార్పు ఇదే. బురద లోపల ఆక్సిజన్ ఉండదు కాబట్టి అమ్మోనియం అక్కడే మట్టి రేణువులను పట్టుకుని ఉంటుంది, వేళ్లకు అందుతుంది. పైన నీటిలో నత్రజని తక్కువగా ఉంటుంది. పైరుకూ నాచుకూ కావాల్సినవి ఒకదానికొకటి ఎదురుగా ఉన్నాయి, వాటిని పైకీ కిందికీ విడదీయడం తప్ప వేరే దారి కనిపించలేదు.

భాస్వరం మొత్తం పెంచలేదు. సగం దమ్ములో, మిగతా సగం రెండు విడతలుగా నాచు చల్లిన రోజున, ఆ తర్వాత పది రోజులకు నీటి మీద వేశాం. నత్రజనిని గాలి నుంచి తెచ్చుకునే జీవికి ఆ తర్వాత అడ్డుపడేది సాధారణంగా భాస్వరమే. ఈ నేలలో అది ముందే తక్కువ.

ఆస్ట్రకాడ్ల విషయంలో ముందు నీళ్లు తీసేసి మడిని ఆరబెట్టాలనుకున్నాను. ఈదే పురుగులు చస్తాయి, నాచు బతుకుతుంది. కానీ మడి తడి ఆరి మళ్లీ నీళ్లు పెడితే, ఆ మధ్యలో నైట్రేట్‌గా మారిన నత్రజని వాయువుగా పోతుంది. ఒకటి కాపాడబోయి ఇంకోటి పోగొట్టుకోవడం ఎందుకని మానేశాను. నాచు చల్లడానికి రెండు రోజుల ముందు వేప గింజల పొడి చల్లించాను. గ్లాసులో పట్టిన నీళ్లలో పురుగులు బాగా తగ్గాయి కానీ పూర్తిగా పోలేదు.

నాచు చల్లే రోజును క్యాలెండరు చూసి కాకుండా కిట్ చూసి ఎంచుకున్నాం. నీటిలో అమ్మోనియా రంగు దాదాపు రాని రోజున, అంటే పదకొండో రోజున చల్లాం. మరీ ఆలస్యం చేయడానికీ లేదు. దుబ్బులు కమ్ముకుంటే నీటికి వెలుతురు అందదు.

యూరియా కోత కూడా మార్చాం. పిలకల దశ దఫాను ముట్టుకోలేదు. అప్పటికి నాచు ఇంకా పెరుగుతూనే ఉంటుంది, పైరుకు ఇచ్చేదేమీ ఉండదు. ఆ దఫాను కూడా నీళ్లు తీసి బురద మీదే వేశాం. కోసింది మూడో దఫాలోని 22 కిలోలు. అది కూడా ఆకు రంగుల చార్టు చూసి పైరు పచ్చగానే ఉందని తేల్చుకున్నాకే.

మడిని మూడు పట్టీలుగా విడగొట్టి మధ్యలో చిన్న గట్లు వేయించాను. ఒకదానిలో యూరియా పూర్తిగా వేశాం, నాచు లేదు. రెండోదానిలో యూరియా కోత, నాచు. మూడోదానిలో కోత మాత్రమే, నాచు లేదు. మిగతా పనులన్నీ మూడింట్లోనూ ఒకటే. మూడో పట్టీ ఎందుకని రైతు గొణిగాడు. పోతే పోయింది, చిన్న పట్టీయే కదా అని ఒప్పించాను.

ఫలితం, దాన్ని ఎంతవరకు నమ్మాను

ముప్పయ్యో రోజున రెండో పట్టీలో నీటి అడుగున మట్టి మీద నీలి ఛాయ ఉన్న జిగురు పొర కట్టింది. నీటి మీద చాప లేదు. స్లైడులో పదిహేను కణాలకొక హెటిరోసిస్ట్ కనిపించింది. మధ్యాహ్నం పీహెచ్ 8.3 దాటలేదు. చూడటానికి ఆ మడి ముందటి పంటంత పచ్చగా లేదు. ఒకసారి రైతు "ఈసారి పాచి సరిగా పట్టలేదేమో సార్" అని టెన్షన్ పడ్డాడు కూడా.

పంట కోసేటప్పుడు ఒక్కో పట్టీలో ఐదు మీటర్లకు ఐదు మీటర్ల గడి కోసి తూచాం. యూరియా పూర్తిగా వేసిన పట్టీలో 13.1 కిలోల ధాన్యం, యూరియా కోసి నాచు వేసిన పట్టీలో 12.9. రైతు సంతోషించాడు. నాకూ సంతోషమే, మూడో గడి తూచేదాకా. యూరియా కోసి నాచు వేయని పట్టీలో 12.6 వచ్చింది.

రెండు, మూడు పట్టీల మధ్య తేడా 300 గ్రాములు. ఒకే పట్టీలో రెండు చోట్ల కోసినా అంత తేడా రావచ్చు. పైగా మూడో పట్టీ మట్టిని స్లైడు వేసినప్పుడు అందులోనూ నాస్టాక్, అనబీనా ఉన్నాయి, హెటిరోసిస్ట్‌లతో సహా. మేం చల్లినవి కావు, నేలలో ముందే ఉన్నవి. ఇందులో ఆశ్చర్యం లేదు. వరి మడుల్లో ఈ నాచు సహజంగానే నత్రజని స్థాపిస్తుందని పి.కె. డే అనే శాస్త్రవేత్త 1939లోనే చూపించాడు. వాటికీ మా కల్చర్‌కు ఇచ్చిన సౌకర్యాలే అందాయి: నత్రజని తక్కువగా ఉన్న నీరు, విడతలుగా భాస్వరం, తగ్గిన మేత పురుగులు.

ఇంకో అనుమానం కూడా ఉంది. యూరియాను బురదలో కలపడం వల్ల గాలికి పోయేది తగ్గింది. 22 కిలోలు తగ్గించినా దిగుబడి నిలబడటానికి అదొక్కటే కారణమైనా కావచ్చు. నాచు వాటా ఎంత, బురదలో కలపడం వాటా ఎంత అన్నది ఈ మూడు పట్టీలు విడదీసి చెప్పలేవు. అందుకు యూరియాను పాత పద్ధతిలో నీటి మీదే చల్లి కోత పెట్టిన నాలుగో పట్టీ ఉండాల్సింది. అది నాకు కోతలయ్యాక తట్టింది.

"అయితే గుంట పెట్టడం మానేయమంటారా సార్?" అని అడిగాడు రైతు. ఇంకో రెండు పంటలు పెట్టమన్నాను. పట్టీల చోట్లు మారుస్తూ, నాలుగో పట్టీ కలుపుకుని. నాచు చల్లిన పట్టీకీ చల్లని పట్టీకీ మధ్య తేడా ఇలాగే ఉంటే గుంట పూడ్చేయొచ్చు. యూరియాను బురదలో కలపడం మాత్రం మానొద్దన్నాను. కిట్, స్లైడ్లు ఆయన దగ్గరే ఉంచాను. హెటిరోసిస్ట్‌లు లెక్కపెట్టడంలో ఆయన ఇప్పుడు నాకంటే ఓపికమంతుడు.